రెండో బ్యాటరీ కొనే ముందు ఆ కాలుతున్న లగ్గు సంగతి చూడండి

ప్రశ్న: "మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లో 12 వోల్టుల ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ఉన్నాయి. బ్యాటరీ కొని రెండేళ్లయింది. ఇంకో బ్యాటరీ చేరిస్తే సిరీస్‌లో కలపాలా, ప్యారలల్‌లో కలపాలా? ఎలక్ట్రీషియన్ సుత్తితో కొట్టి వేసిన లగ్గు, కరెంటు పోయిన పది నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. లగ్గు మారిస్తే సరిపోతుందా అన్నా?"

మీ ఇన్వర్టర్ 12 వోల్టులది కాబట్టి ప్యారలల్ ఒక్కటే దారి. సిరీస్‌లో కలిపితే 24 వోల్టులు నేరుగా లోపలికి పోయి, మాస్‌ఫెట్లు, కెపాసిటర్లు క్షణంలో కాలిపోతాయి. అయితే రెండేళ్లు వాడిన బ్యాటరీకి కొత్తదాన్ని జత చేయమని నేను చెప్పను, ఎందుకో కింద రాస్తాను. లగ్గు, అంటే వైరు చివర బిగించి బ్యాటరీ బోల్టుకు తగిలించే గొట్టం ముక్క, తప్పకుండా మార్చాలి. కానీ అదే సన్న వైరు ఉంచి, అదే సుత్తితో ఇంకో లగ్గు కొడితే ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

ఈ పని నేను ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను, మొదట చిత్తూరులో, తర్వాత ఇక్కడ. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు మనది, బ్యాటరీకి కొదవ లేదు. సరిగ్గా నొక్కిన లగ్గు మాత్రం వెతికినా కనబడదు. "బ్యాటరీ పోయింది" అని నాకు ఫోన్ వచ్చిన చోట్లలో బ్యాటరీ నిక్షేపంగా ఉండి, లగ్గు దగ్గరే వోల్టేజీ అంతా పోతున్న ఇళ్లు చాలానే చూశాను.

సిరీస్ అంటే ఏమి మారుతుంది, ప్యారలల్ అంటే ఏమి మారుతుంది

రెండు 150 ఏహెచ్ బ్యాటరీలను సిరీస్ చేస్తే 24 వోల్టులు, 150 ఏహెచ్. ప్యారలల్ చేస్తే 12 వోల్టులు, 300 ఏహెచ్. లోపల దాచిన శక్తి రెండింటిలోనూ ఒకటే. కాబట్టి "సిరీస్‌లో బ్యాకప్ ఎక్కువొస్తుందంట" అనే మాట నమ్మకండి. ఏది కలపాలో చెప్పేది మనం కాదు, ఇన్వర్టర్ వెనక అతికించిన స్టిక్కర్. అక్కడ బ్యాటరీ వోల్టేజీ 12 అని ఉంటే ప్యారలల్, 24 అని ఉంటే సిరీస్.

తేడా పడేది వైర్లలో పారే కరెంటులో. 12 వోల్టుల ఇన్వర్టర్‌కు నేను వాడే మోటు లెక్క ఒకటుంది: ఇంట్లో ఎన్ని వాట్లు నడుస్తుంటే దాన్ని పదితో భాగిస్తే బ్యాటరీ నుంచి వచ్చే ఆంపియర్లు తెలుస్తాయి. 500 వాట్లు నడిస్తే దాదాపు 50 ఆంపియర్లు. 24 వోల్టులదైతే ఇరవైతో భాగించాలి, అంటే 25 ఆంపియర్లే. కరెంటు సగమైతే అదే వైరులో, అదే లగ్గులో పుట్టే వేడి సగం కాదు, పావు వంతు అవుతుంది. అందుకే సుత్తి లగ్గులు 24 వోల్టుల ఇళ్లలో కొన్నాళ్లు తప్పించుకుంటాయి, 12 వోల్టుల ఇళ్లలో మొదటి ఎండాకాలానికే బయటపడతాయి.

ఇంకో మాట. ప్యారలల్‌లో రెండో బ్యాటరీ పెట్టినంత మాత్రాన ఇన్వర్టర్ ఎక్కువ లోడు మోయదు. ఇప్పుడు నాలుగు ఫ్యాన్లు, టీవీ మోస్తుంటే రేపూ అంతే మోస్తుంది, ఎక్కువసేపు మోస్తుంది. మోటరో ఫ్రిజ్జో కూడా నడపాలనే ఆలోచనతో అడుగుతుంటే ఆ డబ్బు బ్యాటరీ మీద పెట్టకండి. 24 వోల్టుల పెద్ద ఇన్వర్టర్ తీసుకుని, రెండు బ్యాటరీలూ ఒకేసారి కొనండి.

మీ పాత బ్యాటరీకి కొత్తది ఎందుకు వద్దంటున్నానంటే

రెండేళ్లు మన ఎండల్లో పనిచేసిన బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి ఉంటుంది, పట్టే సామర్థ్యం తగ్గి ఉంటుంది. కొత్తదాని పక్కన కట్టేస్తే లోడు పడినప్పుడు కొత్తదే ఎక్కువ మోస్తుంది. చార్జింగ్ అప్పుడు పాతది త్వరగా నిండినట్టు నటించి, ఆపైన వచ్చే కరెంటును నీళ్లు ఉడికించడానికి ఖర్చు పెడుతుంది. పాతదాంట్లో ఒక సెల్లు షార్ట్ అయిందంటే ఇంకా కష్టం, కొత్తది రాత్రంతా తన చార్జిని దానిలోకి పోస్తూ కూర్చుంటుంది. కొత్త బ్యాటరీ కూడా ఏడాదిన్నరకే ముసలిదవుతుంది.

రెండింటి మధ్య ఆరు నెలల తేడా ఉంటే నేను కలుపుతాను, ఏడాది దాటితే కలపను. కంపెనీ, మోడలు, ఏహెచ్ మూడూ ఒకటే ఉండాలి. మీరైతే పాతదాన్ని దాని ఆయువు తీరేదాకా వాడుకుని, అప్పుడు రెండు ఒకేసారి తీసుకోవడం మేలు.

చార్జర్ సంగతి కూడా చూసుకోండి, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఒక బ్యాటరీ కోసం చేసిన ఇన్వర్టర్ 12 నుంచి 15 ఆంపియర్లే చార్జింగ్ ఇస్తుంది. రెండు బ్యాటరీలు సగం ఖాళీ అయితే 150 ఏహెచ్ తిరిగి నింపాలి, నష్టాలు కలిపి 180 దాకా. 12 ఆంపియర్లతో అది పదిహేను గంటల పని. రోజూ రెండు మూడు విడతలు కరెంటు పోయే కాలంలో అవి ఎప్పుడూ పూర్తిగా నిండవు. నిండకుండా నెలల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, రెండు బ్యాటరీలుండి కూడా ఒకదాని బ్యాకప్పే వస్తుంది. కొన్ని ఇన్వర్టర్లలో చార్జింగ్ కరెంటు పెంచే స్విచ్ వెనక ఉంటుంది. మీదాంట్లో ఉందో లేదో కొనకముందే మాన్యువల్లో చూడండి.

బైరాగిపట్టెడలో ఒక ఇల్లు

మీ కథలాంటిదే. 1,050 వీఏ ఇన్వర్టర్, 12 వోల్టులు, 150 ఏహెచ్‌వి రెండు ప్యారలల్‌లో. రెండూ ఒకే రోజు కొన్నవి, ఎనిమిది నెలలయింది. ఇంటాయన రిటైరైన మాస్టారు. "సార్, గంటన్నరకే కూత పెడతా ఉంది, మూడు గంటలు వస్తుందని చెప్పి అమ్మినారు" అన్నాడు. ఇంటావిడేమో, "దేవుడింట్లో ఏదో కాలిన వాసన వస్తా ఉంది, కర్పూరం వాసన కాదు" అంది. బ్యాటరీలు ఎక్కడున్నాయని చూస్తే దేవుడి గూడు కిందే! పైన రెండు పూటలా దీపం. చార్జింగ్ చివర్లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది పైకే లేస్తుంది. ముందు వాటిని వరండాలోకి జరిపించి తర్వాతే మీటరు తీశాను. మీ ఇంట్లోనూ అలా ఉంటే ఈ పేజీ చదవడం ఆపి ముందు ఆ పని చేయండి.

నాలుగు ఫ్యాన్లు, టీవీ, లైట్లు వేసి మెయిన్ స్విచ్ ఆపాము. డీసీ క్లాంప్ మీటరు మెయిన్ పాజిటివ్ వైరు మీద 50 ఆంపియర్లు చూపించింది. మల్టీమీటరును మిల్లీవోల్టులకు పెట్టి, ఒక పుల్ల బ్యాటరీ సీసపు పోస్టు మీద, ఇంకోటి లగ్గు దాటాక కనిపించే రాగి పోగుల మీద ఆనించాను. 210 మిల్లీవోల్టులు. వోల్టులో ఐదో వంతే కదా అనిపిస్తుంది. కానీ 0.21 వోల్టును 50 ఆంపియర్లతో గుణిస్తే పదిన్నర వాట్లు. బొటనవేలంత ముక్కలో పదిన్నర వాట్ల వేడి! గ్రైండరు, ఇంకో రెండు ఫ్యాన్లు వేసేసరికి కరెంటు 75కు చేరింది. అప్పుడు ఆ లగ్గులో దాదాపు 24 వాట్లు, అంటే రేడియో మెకానిక్కులు వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎంత కాలుతుందో అంత. కాలిన వాసన అదే, వైరు పైతొడుగు ఉడుకుతున్న వాసన.

ఇప్పుడు ఆ 210ని రెండుగా విడగొట్టి కొలవాలి. మీరు నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఇదే. పోస్టు నుంచి లగ్గు చదును భాగానికి ఒకసారి, లగ్గు చదును భాగం నుంచి రాగి పోగులకు ఇంకోసారి. మొదటిది ఎక్కువొస్తే తప్పు నట్టు బిగింపులోనో శుభ్రంలోనో ఉంది, స్పానరు, వైరు బ్రష్ చాలు. రెండోది ఎక్కువొస్తే తప్పు క్రింపింగ్‌లో, అంటే లగ్గును వైరు మీద నొక్కిన తీరులో ఉంది, ఎంత బిగించినా లాభం లేదు. అక్కడ మొదటిది 15, రెండోది 195. అప్పటికి మాస్టారు నట్టును మూడుసార్లు బిగించారట, పాపం.

ఆ లగ్గును హాక్సాతో అడ్డంగా కోసి చూపించాను. 35 స్క్వేర్ ఎంఎం లగ్గు, లోపల 10 స్క్వేర్ ఎంఎం వైరు. గొట్టం వదులుగా ఉందని వైరును రెండు మడతలు మడిచి, ఇంకా ఖాళీ ఉంటే తుంచిన వైరు ముక్కలు కుక్కి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశారు. పైకి చదునుగా, గట్టిగా కనిపిస్తోంది. కోసిన ముఖంలో మాత్రం పోగుల మధ్య ఖాళీలు, ఖాళీల్లో నలుపు, అంచున యాసిడ్ ఆవిరికి పట్టిన పచ్చ చిలుము. పోగుల్లో సగానికి లగ్గుతో సంబంధమే లేదు. కొట్టిన రోజు ఇది బాగానే పనిచేసి ఉంటుంది. కాలినప్పుడల్లా రాగి వ్యాకోచిస్తుంది, చల్లారినప్పుడు సంకోచిస్తుంది, ప్రతి విడతకీ పట్టు కొంచెం వదులవుతుంది, ఆ సందులో చిలుము చేరుతుంది, చిలుము చేరిన కొద్దీ ఇంకా కాలుతుంది.

బ్యాకప్ తగ్గడానికి రెండో కారణం వేరే ఉంది. ఇన్వర్టర్ వైర్లు రెండూ మొదటి బ్యాటరీకే బిగించి, అక్కడి నుంచి సన్న లింకు వైర్లతో రెండోదానికి తగిలించారు. విడివిడిగా క్లాంప్ పెట్టి చూస్తే మొదటిది 31 ఆంపియర్లు ఇస్తోంది, రెండోది 19. బ్యాటరీ లోపలి నిరోధమే కొన్ని మిల్లీఓములు. అలాంటప్పుడు లింకు వైర్లలో రెండు మిల్లీఓములు చేరినా పంపకం ఇలాగే తప్పుతుంది. చార్జింగ్‌లోనూ అంతే. మొదటిది అరిగిపోతుంది, రెండోది అర్ధాకలితో ఉంటుంది.

దీనికి మందు చాలా సులువు. ఇన్వర్టర్ పాజిటివ్ ఒక బ్యాటరీకి, నెగెటివ్ రెండో బ్యాటరీకి, ఎదురు మూలల నుంచి తీయండి. పాజిటివ్‌ను పాజిటివ్‌కు, నెగెటివ్‌ను నెగెటివ్‌కు ఒకే మందం, ఒకే పొడవు లింకులతో కలపండి. అప్పుడు ఏ బ్యాటరీ నుంచి వచ్చే కరెంటైనా ఒక్కొక్క లింకే దాటుతుంది. ఆ ఇంట్లో 25 స్క్వేర్ ఎంఎం కేబుల్‌తో ఇలా మార్చాక 26, 24 వచ్చింది. మెయిన్ లగ్గు దగ్గర 210 ఉన్నది 6 మిల్లీవోల్టులకు దిగింది, అంటే వాట్లో మూడో వంతు వేడి కూడా లేదు. మాస్టారు అరగంట తర్వాత వచ్చి లగ్గు మీద వేలు పెట్టి, "ఇది పనిచేస్తా ఉందా అసలు?" అన్నారు.

కేబుల్, లగ్గు కొనేటప్పుడు

12 వోల్టుల ఇన్వర్టర్‌కు, 1,000 వీఏ దరిదాపుల్లో, నేను 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ కన్నా తక్కువ వాడను. సన్న పోగుల ఫ్లెక్సిబుల్ రకం, వెల్డింగ్ కేబుల్ అయినా పర్వాలేదు. 10 స్క్వేర్ ఎంఎం మీటరుకు దాదాపు 1.9 మిల్లీఓములు, 25 స్క్వేర్ ఎంఎం 0.8 లోపు. పోనూ రానూ రెండు మీటర్ల వైరులో 75 ఆంపియర్లు పారితే సన్నదాంట్లో 21 వాట్లు వైరులోనే పోతాయి, లావుదాంట్లో తొమ్మిదికి మించవు. ఇన్వర్టర్‌తో వచ్చిన వైరు పొట్టిగా ఉంటే దాన్ని అతుకులేసి పొడిగించకండి. బ్యాటరీనే దగ్గరికి జరపండి.

కొనేటప్పుడు చివరన ఒక పోగు తీసి కత్తితో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవకగా ఇస్తారు, తూకం కూడా తేలిగ్గా ఉంటుంది. దాన్ని అక్కడే వదిలేసి రండి.

లగ్గు తగరం పూసిన రాగిది, గొట్టం రకం కావాలి. షాపులో రెండు సంఖ్యలు చెప్పాలి: కేబుల్ మందం, బోల్టు రంధ్రం. "25 స్క్వేర్, 8 ఎంఎం హోల్" అని అడిగితే తెలిసినవాడు వెంటనే ఇస్తాడు. మీ బ్యాటరీ బోల్టు ఎంతదో ముందే కొలుచుకోండి. 10 ఎంఎం రంధ్రం లగ్గును 8 ఎంఎం బోల్టుకు వేస్తే ఆనే చోటు తగ్గిపోతుంది. తెల్లటి అల్యూమినియం లగ్గులు పక్కనే, సగం ధరకు ఉంటాయి, అవి అల్యూమినియం కేబుళ్లకు. రాగి కేబుల్‌కు, అదీ యాసిడ్ ఆవిరి తగిలే చోట వేస్తే రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి తెల్లటి పొడి రాలుతుంది.

క్రింపింగ్: చేతులతో చేసే పని

దీనికి హైడ్రాలిక్ క్రింపింగ్ టూలు కావాలి, ఆరు మూలల డైలతో, అంటే లగ్గును నొక్కే అచ్చులతో వచ్చేది. 70 స్క్వేర్ ఎంఎం దాకా నొక్కే చేతి టూలు ఇంటి పనికి చాలు. ఒక్క జత కోసం కొనక్కర్లేదు. గాజులమండ్యం ఎస్టేట్ వైపు ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్ల దగ్గరో, సోలార్ పని చేసేవాళ్ల దగ్గరో ఉంటుంది. కేబుల్, లగ్గులు తీసుకెళ్తే లగ్గుకింత అని తీసుకుని నొక్కి ఇస్తారు. పక్కన నిలబడి చూడటానికి మాత్రం మొహమాటపడకండి.

కేబుల్‌ను కట్టర్‌తో నిటారుగా కోయాలి. ఏటవాలుగా కోస్తే సగం పోగులు లగ్గు చివరికి చేరవు. లగ్గు గొట్టం లోతును కేబుల్ పక్కన పెట్టి, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిపి అంత పైతొడుగు ఒలవాలి. బ్లేడు చుట్టూ తిప్పేటప్పుడు రాగి దాకా దిగనీయొద్దు. పైతొడుగు మూడొంతులు కోసి, వంచి విరిస్తే పోగులు తెగవు. బయటపడ్డ రాగి కొత్త రూపాయి బిళ్ల అంచులా మెరవాలి. నల్లబడి ఉంటే ఆ ముక్క కోసి పారేసి ఇంకాస్త వెనక ఒలవండి.

పోగులను కేబుల్ మెలిక ఉన్న వైపే కొంచెం తిప్పి గొట్టంలోకి నెట్టాలి. కొన్ని లగ్గులకు చదును భాగం దగ్గర చిన్న కన్నం ఉంటుంది, దాంట్లోంచి రాగి కనిపిస్తే చివరిదాకా చేరినట్టు. వెల్డింగ్ కేబుల్ పోగులు ఉబ్బుగా ఉండి ఒక్కోసారి 25 లగ్గులో దూరవు. నాలుగు పోగులు కత్తిరించి దూర్చేవాళ్లను చూశాను. అది తప్పు. ఫ్లెక్సిబుల్ కేబుల్ కోసం నోరు కాస్త వెడల్పుగా చేసిన లగ్గులు వేరే దొరుకుతాయి, అవి అడగండి.

నొక్కేటప్పుడు మొదటి నొక్కు రంధ్రం ఉన్న చదును భాగం వైపు, రెండోది కేబుల్ వైపు. డై రెండు ముక్కలూ పూర్తిగా ఒకదానికొకటి ఆనేదాకా పంపు కొట్టాలి, మధ్యలో ఆపకూడదు. తర్వాత చూడండి. లగ్గుకు రెండు పక్కలా రెక్కల్లా లోహం పొడుచుకొస్తే డై చిన్నదైంది. ఆరు ముఖాలు స్పష్టంగా పడకుండా గుండ్రంగానే మిగిలితే డై పెద్దదైంది. డై మీద 25 అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, లగ్గు గోడ మందం కంపెనీకొక రకంగా ఉంటుంది.

అందుకే కొత్త రకం లగ్గు తెచ్చినప్పుడల్లా నేను ఒకదాన్ని బలి ఇస్తాను. ముక్క కేబుల్‌కు నొక్కి, నొక్కిన చోటే హాక్సాతో అడ్డంగా కోసి, ఆకురాయితో రుద్ది చూస్తాను. మంచి క్రింపింగ్‌లో పోగులు ఒకదాన్నొకటి ఒత్తుకుని తేనెపట్టు గదుల్లా కోణాలు తేలి ఉంటాయి, మధ్యలో గాలి చొరబడే సందు ఉండదు. గుండ్రటి పోగులు గుండ్రంగానే విడివిడిగా కనిపిస్తే ఆ డై పనికిరాదు. ఒక లగ్గు ఖర్చుతో ఏళ్ల తరబడి దిగులు తప్పుతుంది. మిగతావాటికి లాగి చూడటం చాలు. లగ్గును వైస్‌లో పట్టి కేబుల్‌ను ఒళ్లు విరుచుకుని లాగండి, వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

"నొక్కాక సీసం పోస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా" అని అడుగుతారు. వద్దు. సోల్డరు పోగుల వెంట పైకి పాకి కేబుల్ మెడను కడ్డీలా బిరుసు చేస్తుంది, వంగిన ప్రతిసారీ అక్కడే పోగులు తెగుతాయి. అదీకాక ఎప్పుడైనా అతుకు బాగా కాలితే సోల్డరు 183 డిగ్రీలకే కరిగి జారిపోతుంది. సరిగ్గా నొక్కిన లగ్గుకు సోల్డరు అవసరం లేదు, తప్పుగా నొక్కినదాన్ని సోల్డరు కాపాడలేదు. చివరగా జిగురున్న హీట్ ష్రింక్ తొడుగు గొట్టం మీద నుంచి పైతొడుగు మీదకు వచ్చేలా వేడి చేసి బిగిస్తే యాసిడ్ ఆవిరి లోపలికి పోదు.

బిగించేటప్పుడు

ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ పీకండి. ఉంగరం, మెడలో గొలుసు, గడియారం తీసి పక్కన పెట్టండి. బంగారానికి బ్యాటరీ భయం తెలియదు, రెండు పోస్టుల మధ్య గొలుసు ఆనిందంటే వందల ఆంపియర్లు దాంట్లోంచి పారి ఎర్రగా కాలి మెడకే అతుక్కుంటుంది. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. కొత్త బ్యాటరీలైనా సరే, ప్యారలల్ చేసే ముందు రెండింటినీ విడివిడిగా నిండా చార్జ్ చేసి, కొన్ని గంటలు ఊరికే ఉంచి వోల్టేజీ కొలవండి. తేడా 0.1 వోల్టు లోపు ఉండాలి. అర వోల్టు తేడాతో కలిపితే ఒకదాని నుంచి ఇంకోదానిలోకి పదుల ఆంపియర్లు దూకుతాయి, చేతి దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది.

పోస్టు సీసాన్ని వైరు బ్రష్‌తో వెండిలా మెరిసేదాకా రుద్ది, లగ్గు నేరుగా సీసం మీద ఆనేలా పెట్టండి. వాషర్లు లగ్గుకు బయటి వైపే. మాస్టారి ఇంట్లో ఆ 15 మిల్లీవోల్టులు ఎక్కడివనుకున్నారు? లగ్గుకు, సీసానికి మధ్య ఇనుప వాషర్ ఇరికించారు. స్ప్రింగ్ వాషర్ చదునయ్యేదాకా బిగిస్తే చాలు, అంతకు మించితే సీసం మెత్తన, బోల్టుతో పాటు పోస్టే తిరుగుతుంది. వాజలైన్ బిగించాక పైన పూయండి, ముందే లోపల దట్టంగా పూయకండి. బ్యాటరీకి దగ్గరగా పాజిటివ్ మీద 100 లేదా 125 ఆంపియర్ల డీసీ ఫ్యూజు ఒకటి పెట్టుకోండి. ఇంట్లో వాడే మామూలు ఎంసీబీ ఏసీ కోసం చేసింది, ఇక్కడ పెట్టకండి.

వారం తర్వాత నట్లు ఇంకోసారి చూడండి. సీసం ఒత్తిడికి నెమ్మదిగా జరుగుతుంది, మొదటి వారంలో పావు చుట్టు దిగడం మామూలే.

రేపు 24 వోల్టులకు మారితే సిరీస్ లింకు ఒక్కటే: మొదటిదాని నెగెటివ్ నుంచి రెండోదాని పాజిటివ్‌కు. మిగిలిన రెండు కొనలు ఇన్వర్టర్‌కు. ప్యారలల్ నుంచి సిరీస్‌కు మార్చేటప్పుడు పాత లింకు ఒకటి మరిచిపోయి ఉంచేస్తే ఒక బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది, కాబట్టి లింకులన్నీ విప్పి నేల మీద పెట్టాకే కొత్తది వేయండి. ఇన్వర్టర్‌కు తగిలించే ముందు మీటరు 25 వోల్టుల చుట్టుపక్కల చూపించాలి. చార్జింగ్ చివర్లో నెలకోసారి రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. చార్జర్‌కు మొత్తమే కనిపిస్తుంది, 27.6 అంటే చెరి 13.8 అనుకుంటుంది. బలహీనమైనది 12.9 దగ్గర ఆగి, రెండోది 14.7కు ఉడుకుతున్నా దానికి తెలియదు. వైఫై బాక్సుకు 12 వోల్టులు కావాలని రెండింటిలో ఒకదాని నుంచి వైరు లాగినా కొన్ని నెలల్లో ఇదే జరుగుతుంది.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది: రాత్రి మామూలు లోడు వేసి, మెయిన్ ఆపి, నేను చెప్పిన రెండు చోట్లా మిల్లీవోల్టులు కొలవండి. 50 ఆంపియర్ల దగ్గర రెండూ కలిపి 15 లోపుంటే నేను వదిలేస్తాను, 30 దాటితే విప్పి చూస్తాను, 50 దాటితే ఆ లగ్గు కోసేస్తాను. మీకొచ్చిన రెండు అంకెలు, అప్పుడు నడుస్తున్న ఫ్యాన్లు, లైట్ల లెక్క ఇక్కడ రాయండి, తప్పు ఏ వైపుందో చెప్తాను. అప్పటిదాకా గ్రైండరు, మిక్సీ ఇన్వర్టర్ మీద వేయకండి.